వారం గడువున్న బ్యాంకు నోటీసు, ఆరు వారాల వ్యవధి: ఒక పిండిమర లోన్ కేసు

కోవూరు దగ్గర ఒక పల్లెలో పిండిమర నడుపుకునే ఒకామె 2025 మార్చి 18న బ్యాంకు కవరు పట్టుకొని నా దగ్గరికి వచ్చారు. అర్జీలు రాయడం, ఇంగ్లీషు కాగితాలను తెలుగులోకి మార్చి ఇవ్వడం నా పని. ఆమె అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. ఆమె పేరు, ఊరు, బ్యాంకు పేరు వదిలేశాను. అంకెలు, తేదీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను, ఎందుకంటే ఈ కేసంతా వాటి మీదే నడిచింది.

"అన్నా, వారంలో రెండు లక్షలు కట్టాలంట. లేకపోతే మర ఎత్తుకుపోతారంట. మా అక్క కొడుకు చదివి చెప్పాడు. రాత్రి నుంచి ఒకటే టెన్షన్, ముద్ద దిగడం లేదు" అన్నారు. అంతటితో ఆగలేదు. ఊళ్లో వడ్డీకి ఇచ్చే ఒకాయనతో అప్పటికే మాట్లాడేసి ఉన్నారు. నూటికి మూడు రూపాయల వడ్డీ మీద రెండు లక్షలు ఇస్తానని ఆయన ఒప్పుకున్నాడట. ఆ లెక్కన నెలకు వడ్డీ ఒక్కటే 6,000 రూపాయలు. బ్యాంకుకు ఆమె కడుతున్న వాయిదా 6,523, అందులో అసలు కూడా తీరుతూ ఉంటుంది. నోటీసును తప్పుగా చదవడం వల్ల ఒక ఇల్లు మునిగిపోయేది ఇలాంటి చోటే.

ముందు విషయం చెబుతాను. ఆమె 2023 జనవరిలో ముద్ర పథకం కింద, కిశోర్ రకంలో, 3 లక్షల లోన్ తీసుకున్నారు. 11 శాతం వడ్డీ, 60 నెలల వాయిదాలు, ప్రతి నెలా 5వ తేదీన కట్టాలి. 2023 ఫిబ్రవరి నుంచి 2025 జనవరి దాకా 24 వాయిదాలు ఒక్కటీ తప్పకుండా కట్టారు. జనవరి మొదటి వారంలో మర మోటారు కాలిపోయింది. సంక్రాంతికి ముందు అరిసెల పిండికి జనం వరస కట్టే రోజులవి, పిండిమరకు ఏడాదిలో అంత గిరాకీ మళ్లీ ఉండదు. మోటారు రీవైండింగుకు నెల్లూరు తీసుకెళ్లి, బెల్టు, బేరింగులు కూడా మార్చి బిగించేసరికి పండగ వెళ్లిపోయింది. 11,400 రూపాయల బిల్లయింది. జనవరి వాయిదా చేతిలో ఉన్న డబ్బుతో కట్టేశారు. ఫిబ్రవరి 5, మార్చి 5 వాయిదాలు ఆగిపోయాయి.

నోటీసు ఒక్కటే చూసి నేను ఏ అనువాదమూ ఇవ్వను. లోన్ మంజూరు పత్రం, పాస్‌బుక్కు, నోటీసు వచ్చిన కవరు కూడా తెమ్మంటాను. కవరు ఎందుకని చాలామంది అడుగుతారు. గడువు నోటీసు తేదీ నుంచి లెక్కా, చేతికి అందిన తేదీ నుంచి లెక్కా అన్నది నోటీసులోని మాటను బట్టి మారుతుంది. అందిన తేదీ నుంచి అయితే పోస్టాఫీసు ముద్రే మనకు ఆధారం. ఈ నోటీసు మీద మార్చి 12 తేదీ ఉంది, ఆమెకు 18న అందింది. అందులో రాసింది నోటీసు తేదీ నుంచి ఏడు రోజులని. అంటే మర్నాడే ఆఖరు. ఆ కారణంగా ఆ సాయంత్రమే పని మొదలుపెట్టాం.

మంజూరు పత్రంలో నేను చూసింది రెండు విషయాలు. ఒకటి, బ్యాంకుకు దేన్ని తాకట్టు పెట్టారని. మర, మోటారు, ఆ లోన్‌తో కొన్న సామాను మాత్రమే రాసి ఉన్నాయి. ఇల్లు గానీ పొలం గానీ లేవు. ముద్ర లోన్లకు ఆస్తి తాకట్టు అడగకూడదన్నది పథకం నియమం, ఇక్కడ అలాగే జరిగింది. "ఇల్లు వేలం వేస్తారా?" అని ఆమె అడిగినప్పుడు పత్రం చూపించి ఆ లైను చదివి వినిపించాను. రెండోది, వాయిదా ఆలస్యమైతే ఎంత అదనం అన్నది. ఆగిన మొత్తం మీద ఏడాదికి 2 శాతం అని ఉంది.

ఇప్పుడు అనువాదం. నోటీసులో ముఖ్యమైన భాగానికి నేను రాసిచ్చిన తెలుగు ఇది:

"మీ పై లోన్ ఖాతా సక్రమంగా నడవడం లేదని తెలియజేస్తున్నాము. 05-02-2025, 05-03-2025 తేదీల వాయిదాలు మాకు అందలేదు. ఈ నోటీసు తేదీ నాటికి, గడువు దాటి కట్టకుండా ఉన్న మొత్తం చార్జీలతో కలిపి రూ. 13,651. ఖాతాలో ఇంకా తీరవలసిన పూర్తి బాకీ, చార్జీలు కాకుండా, రూ. 2,02,914. దీనిపై 06-03-2025 నుంచి వడ్డీ అదనం. ఈ నోటీసు తేదీ నుంచి 7 రోజుల లోపు, గడువు దాటిన మొత్తాన్ని చెల్లించి ఖాతాను సరిచేసుకోవలసిందిగా కోరుతున్నాము. అలా చేయని పక్షంలో, పూర్తి బాకీని ఒకేసారి చెల్లించమని కోరడంతో సహా చట్టప్రకారం తగిన చర్యలు తీసుకోవడానికి బ్యాంకుకు హక్కు ఉంటుంది. వాటికయ్యే ఖర్చు మీరే భరించవలసి ఉంటుంది. ఈ నోటీసు ఇవ్వడం వల్ల బ్యాంకుకు ఉన్న ఇతర హక్కులేవీ పోవు. ఇప్పటికే చెల్లించి ఉంటే ఈ నోటీసును పట్టించుకోనవసరం లేదు."

ఇంగ్లీషు కాగితంలో ఓవర్‌డ్యూ, అవుట్‌స్టాండింగ్ అన్న రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి. ఇంటర్ చదివే ఆ పిల్లవాడు రెండింటినీ "బాకీ" అని చెప్పాడు. పెద్ద అంకె కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి అదే అందరి మనసులో పడిపోయింది. నిజానికి వారంలో కట్టమన్నది 13,651 రూపాయలు. రెండు లక్షల అంకె ఖాతా పరిస్థితి తెలపడానికి రాసింది. అందుకే నా అనువాదంలో రెండుచోట్లా ఒకే "బాకీ" మాట వాడలేదు. ఒకదానికి "గడువు దాటి కట్టకుండా ఉన్న మొత్తం" అని, ఇంకొకదానికి "ఇంకా తీరవలసిన పూర్తి బాకీ" అని పెట్టాను. కాస్త పొడుగైనా సరే, చదివినవారు పొరపడే వీలుండకూడదు.

చివరి వాక్యాల్లోని బెదిరింపును మెత్తగా చేయమని కొందరు అడుగుతుంటారు, ఇంట్లో పెద్దవాళ్లు భయపడతారని. నేను చేయను. "హక్కు ఉంటుంది" అని ఉంటే "హక్కు ఉంటుంది" అనే రాస్తాను. "చర్యలు తీసుకుంటాము" అని రాస్తే ఉన్నదానికన్నా గట్టిగా చెప్పినట్టు, "తీసుకోవచ్చేమో" అంటే ఉన్నదానికన్నా పల్చన చేసినట్టు. ఎంత భయపడాలో సరిగ్గా అంతే భయపడేలా చేయడం అనువాదకుడి బాధ్యత. ఇది ఇంకా గుర్తుచేసే నోటీసే. లోన్ మొత్తాన్ని వెనక్కి అడిగే నోటీసు కాదు, కోర్టు కాగితం అంతకన్నా కాదు. ఆ సంగతి అనువాదం కింద విడిగా, నా మాటగా రాసి సంతకం పెట్టాను. బ్యాంకు మాటలో నా మాట కలపను.

తర్వాత ఆ 13,651 ఎలా వచ్చిందో విడదీశాం. రెండు వాయిదాలు కలిపి 13,046. వేరే బ్యాంకులో ఉన్న ఆమె పొదుపు ఖాతా నుంచి వాయిదా లాగడానికి మ్యాండేట్ ఉంది. ఖాతాలో డబ్బు లేక అది రెండుసార్లు తిరిగొచ్చింది. ఒక్కోసారికి 250, దాని మీద జీఎస్టీ 45, మొత్తం 295. రెండుసార్లకు 590. మిగిలింది 15 రూపాయలు, అది ఆలస్యానికి వేసిన చార్జీ. మంజూరు పత్రంలోని 2 శాతంతో లెక్క కట్టి చూశాను. ఫిబ్రవరి వాయిదా మీద 35 రోజులకు పన్నెండున్నర, మార్చి వాయిదా మీద 7 రోజులకు రెండున్నర. సరిపోయింది.

ఈ లెక్క చేయడం వృథా శ్రమ కాదు. 2024 ఏప్రిల్ 1 నుంచి కొత్త లోన్లకు, ఆ ఏడాది జూన్ నెలాఖరులోగా పాత లోన్లకు రిజర్వు బ్యాంకు కొత్త నిబంధన వర్తింపజేసింది. అంతకుముందు ఆలస్యమైతే వడ్డీ రేటే పెంచేవారు. ఇప్పుడు అలా కుదరదు. చార్జీగా మాత్రమే వేయాలి, ఆ చార్జీని అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. నోటీసులో అంకె ఎక్కువగా కనిపిస్తే బ్యాంకును అడగాల్సింది దీన్నే. ఈ కేసులో బ్యాంకు లెక్క సరిగ్గానే ఉంది, కాబట్టి లేఖలో చార్జీల ప్రస్తావన ఫిర్యాదుగా తేలేదు. న్యాయంగా ఉన్నదాని మీద పేచీ పెడితే, మనం అడగబోయే గడువు మీద మేనేజరుకు మనసు పోదు.

అసలు కీలకం ఇప్పుడు చెప్పబోయే క్యాలెండరులో ఉంది. వాయిదా ఆగిన రోజు నుంచి బ్యాంకు కంప్యూటరు రోజులు లెక్క పెడుతుంది. 30 రోజులు నిండితే ఖాతా ఒక మెట్టు దిగుతుంది, 60 నిండితే ఇంకొక మెట్టు, 90 నిండితే ఎన్‌పీఏ, అంటే పత్రికల్లో మొండి బాకీ అని రాసేది. ఫిబ్రవరి 5న ఆగింది కాబట్టి మార్చి 7కే మొదటి మెట్టు దిగిపోయింది. ఏప్రిల్ 6న రెండోది. ఏమీ కట్టకపోతే మే 6న ఎన్‌పీఏ. ఈ లెక్కను ఆపే అధికారం బ్రాంచి మేనేజరుకు లేదు. ఆయన దయతలచి "సరే, జూన్‌లో కట్టండి" అన్నా కంప్యూటరు తన లెక్క తాను వేసుకుంటూ పోతుంది. మేనేజరు ఇవ్వగలిగేది ఒక్కటే: అప్పటిదాకా పై చర్యలకు రాయకుండా ఆగడం.

ఎన్‌పీఏ అయ్యాక బయటపడటం కష్టం. 2021 నవంబరు 12న రిజర్వు బ్యాంకు ఇచ్చిన వివరణ ప్రకారం, ఒకసారి ఎన్‌పీఏ అయిన ఖాతా మళ్లీ మామూలు కావాలంటే ఆగిన వాయిదాలన్నీ, అసలూ వడ్డీతో సహా, పూర్తిగా తీరాలి. ఒకటో రెండో కడితే చాలదు. అదే ఎన్‌పీఏ కాకముందైతే, కట్టిన డబ్బు ముందుగా పాత వాయిదాకు పోతుంది. అది తీరితే రోజుల లెక్క ఆ తర్వాతి వాయిదా తేదీ నుంచి మొదలవుతుంది. అంటే ఈమె ఫిబ్రవరి వాయిదా ఒక్కటి ఇప్పుడు పూర్తిగా కట్టేస్తే, లెక్క మార్చి 5కు జరుగుతుంది, 90వ రోజు మే 6 నుంచి జూన్ 3కు వెళ్తుంది. ఒట్టి లేఖ ఇవ్వడానికి, ఒక వాయిదా కట్టి లేఖ ఇవ్వడానికి అంత తేడా ఉంది. గడువు అడిగే లేఖ రాయించుకోవడానికి ఎవరు వచ్చినా, "పాత వాయిదా ఒక్కటైనా సర్దగలరా?" అన్నదే నా మొదటి ప్రశ్న.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సరిగ్గా 6,523 కడితే పని కాకపోవచ్చు. చాలాచోట్ల వచ్చిన డబ్బును ముందు చార్జీలకు సర్దుకుంటారు. 605 రూపాయలు చార్జీలకు పోతే ఫిబ్రవరి వాయిదా 605 తక్కువై, పూర్తి కానట్టే మిగులుతుంది. తేదీ జరగదు. కాబట్టి కట్టాల్సింది 7,128. ఆమె దగ్గర మర మీద వచ్చిన డబ్బు నాలుగు వేల పైచిలుకు ఉంది. మిగతా మూడు వేలు పొదుపు సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి తీసుకున్నారు. వడ్డీ వ్యాపారికి ఫోన్ చేసి అవసరం లేదని నా ముందే చెప్పేశారు.

మిగిలింది లేఖ. "ఎప్పటికల్లా కట్టగలరమ్మా?" అంటే, "రెండు నెలలు అడుగన్నా, పోయేదేముంది" అన్నారు. పోయేది ఉంది. ఇష్టమొచ్చినంత గడువు అడిగితే మేనేజరు ఆ లేఖను పక్కన పెడతాడు. డబ్బు ఎక్కడి నుంచి, ఏ తేదీకి వస్తుందో చెప్పి, ఆ తేదీకి కొద్దిగా మాత్రమే కలిపి అడగాలి. ఆమె భర్త మూడెకరాల్లో వరి వేశారు. ఏప్రిల్ మొదటి వారంలో కోత. ఎకరాకు మూడు పుట్లు లెక్కేసుకున్నా తొమ్మిది పుట్లు. మా వైపు పుట్టి అంటే 850 కిలోలు. ఆ ఏడాది ఏ గ్రేడు మద్దతు ధర క్వింటాలుకు 2,320, అంటే పుట్టికి 19,720. దళారి అంత ఇవ్వడు. పద్దెనిమిది వేలే అనుకున్నా లక్షన్నర దాటుతుంది. కాకపోతే అందులో ఎరువుల కొట్టు బాకీ, కోత మిషను, కూలీలు పోవాలి. అందుకే పంట మొత్తం విలువ లేఖలో రాయలేదు. లక్షన్నర వస్తుందని రాస్తే, ఆగిన మూడు వాయిదాలకు ఇంత గడువెందుకని అడుగుతారు, ఆ ప్రశ్న న్యాయమే. కావలసింది వాయిదాలకు సరిపడా డబ్బు, అది వచ్చే తేదీ. అంతవరకే రాశాం.

మూడు వాయిదాలని ఎందుకన్నానంటే, అడిగే గడువు లోపలే ఏప్రిల్ 5 వాయిదా కూడా వచ్చి పడుతుంది. దీన్ని చాలామంది మరచిపోతారు. పాత రెండు వాయిదాలకు గడువు అడిగి, ఏప్రిల్ నెలాఖరున ఆ రెండూ కట్టి, ఏప్రిల్ వాయిదా ఆగిపోవడంతో మళ్లీ నోటీసు అందుకున్నవాళ్లను చూశాను. పైగా ఏప్రిల్ 5న మ్యాండేట్ మళ్లీ వెళ్తుంది, ఖాతాలో లేకపోతే ఇంకో 295 పడుతుంది. ఆ డబ్బు కూడా లెక్కలో వేసుకోవాలని ఆమెకు ముందే చెప్పాను.

లేఖలో ఒక మాట రాకుండా జాగ్రత్తపడ్డాను. "రీషెడ్యూల్ చేయండి", "వాయిదా తగ్గించి కాలం పెంచండి" అని రాయలేదు. వినడానికి అది కూడా గడువు కోరడం లాగే ఉంటుంది గానీ, బ్యాంకు దృష్టిలో అది వేరే పని. ఇబ్బందుల్లో ఉన్న వ్యక్తికి లోన్ షరతులు మారిస్తే అది రీస్ట్రక్చరింగు కిందికి వస్తుంది, సాధారణంగా అలా మార్చిన ఖాతాను ఎన్‌పీఏగానే చూపాలి. నెలనెలా కట్టే శక్తి నిజంగా పోయినవారికి ఆ దారి అవసరం కావచ్చు. ఈమెకు కాదు. మర మళ్లీ తిరుగుతోంది. కరెంటు ఖర్చు పోను రోజుకు మూడు నాలుగు వందలు మిగులుతోంది. మే నుంచి వాయిదా మామూలుగా కట్టగలరు. కావలసింది పాత వాయిదాలు తీర్చడానికి వ్యవధి మాత్రమే, కాబట్టి అదే అడిగాం.

లేఖ ఇలా రాశాను:

"బ్రాంచి మేనేజరు గారికి,

విషయం: ముద్ర లోన్ ఖాతాలో ఆగిన వాయిదాలు చెల్లించడానికి 30-04-2025 వరకు వ్యవధి కోరడం. సూచన: 12-03-2025 తేదీ గల మీ నోటీసు.

అయ్యా,

మీ నోటీసు నాకు 18-03-2025న అందింది. ఫిబ్రవరి, మార్చి వాయిదాలు నేను చెల్లించలేకపోయిన మాట నిజం. అంతకుముందు 24 వాయిదాలూ గడువులోగా చెల్లించాను.

జనవరి మొదటి వారంలో నా పిండిమర మోటారు కాలిపోయింది. మరమ్మతుకు రూ. 11,400 ఖర్చయింది. సంక్రాంతి రాబడి పూర్తిగా పోయింది. మోటారు బాగుచేయించాను, మర ప్రస్తుతం పనిచేస్తోంది.

ఈ రోజు రూ. 7,128 చెల్లిస్తున్నాను. ఇందులో రూ. 605 చార్జీలకు, రూ. 6,523 ఫిబ్రవరి వాయిదాకు జమ చేయవలసిందిగా కోరుతున్నాను.

మార్చి వాయిదాను, 05-04-2025న కట్టవలసిన ఏప్రిల్ వాయిదాను కలిపి, రూ. 13,046 మరియు అప్పటికి పడిన చార్జీలు, 30-04-2025 లోపు చెల్లిస్తాను. ఏప్రిల్ మొదటి వారంలో మా వరి కోత ఉంది. ఆ ధాన్యం డబ్బుతో ఇది చెల్లిస్తాను. మే నెల నుంచి వాయిదాలు యథావిధిగా 5వ తేదీనే చెల్లిస్తాను.

అంతవరకు తదుపరి చర్యలు తీసుకోకుండా వ్యవధి ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను. లోన్ షరతులలో ఏ మార్పూ కోరడం లేదు. ఏదైనా కారణంగా ఆలస్యమయ్యేలా ఉంటే ఆ తేదీకి ముందే మీకు తెలియజేస్తాను.

జతపరిచినవి: మోటారు మరమ్మతు బిల్లు నకలు, నా భర్త పేరిట ఈ-క్రాప్ నమోదు రసీదు నకలు, మీ నోటీసు నకలు.

భవదీయురాలు"

ఇంట్లో కష్టాల గురించి ఇంకొంచెం రాయమని ఆమె అడిగారు, అత్తగారి మోకాళ్ల నొప్పులు, పిల్లల ఫీజులు. అవన్నీ నిజమే. కానీ మేనేజరు ఈ లేఖను తన పైఅధికారికి చూపించాల్సి వస్తే, అతనికి పనికొచ్చేవి బిల్లు, తేదీ, మొత్తం. మర్యాదకు "అయ్యా", "ప్రార్థిస్తున్నాను" చాలు. కాళ్లావేళ్లా పడే మాటలు రాస్తే, కట్టే ఉద్దేశం కన్నా కట్టలేని స్థితే ఎక్కువగా కనిపిస్తుంది.

"చెల్లించలేకపోయిన మాట నిజం" అన్న వాక్యం రాసేముందు ఒకటి చూసుకోవాలి. సంతకం పెట్టి అప్పును ఒప్పుకుంటే, లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం బ్యాంకు దావా వేయగల మూడేళ్ల గడువు ఆ రోజు నుంచి కొత్తగా మొదలవుతుంది. నడుస్తున్న లోన్‌కు దీనివల్ల నష్టమేమీ లేదు. ఏళ్ల తరబడి ఎవరూ అడగకుండా ఉండి, హఠాత్తుగా నోటీసు వచ్చిన పాత అప్పు అయితే మాత్రం, వకీలుకు చూపించకుండా నేను ఒక్క లైను కూడా రాయను.

లేఖ తెలుగులోనే ఇవ్వవచ్చు. కానీ ఆ బ్రాంచి మేనేజరు వేరే రాష్ట్రం ఆయన, తెలుగు మాట్లాడటమే కష్టంగా ఉండేది. అందుకని అదే విషయాన్ని ఇంగ్లీషులో కూడా రాసి, రెండింటి మీదా ఆమె చేత సంతకం చేయించాను. అంకెలు, తేదీలు రెండింటిలో ఒకేలా ఉన్నాయో లేదో ఆమెనే వేలు పెట్టి సరిచూడమన్నాను. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు చదవగలరు కదా.

మార్చి 19న ముందు డబ్బు కట్టి, ఆ రసీదు నకలు కూడా లేఖకు జతచేసి, తర్వాత లేఖ ఇచ్చారు. రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర, తేదీ, సంతకం అడగమని చెప్పి పంపాను. కౌంటర్లో ఉన్నతను "మేడం, ముద్ర అక్కర్లేదు, మేం చూసుకుంటాం" అన్నాడట. ఆమె పక్కకు జరగకుండా అక్కడే నిలబడ్డారు. చివరికి వేశారు. వేయకపోతే రిజిస్టరు పోస్టులో పంపుదామనుకున్నాం. ఈ ముద్ర ఎందుకంటే, తర్వాత ఎప్పుడైనా ఫిర్యాదు చేయాల్సి వస్తే, బ్యాంకుకు ముందు రాతపూర్వకంగా చెప్పి 30 రోజులు చూశాకే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాలి. ఆ 30 రోజులు ఎప్పుడు మొదలయ్యాయో చూపించేది ఆ ముద్రే.

మేనేజరు రాతపూర్వకంగా జవాబివ్వలేదు. ఏప్రిల్ 30 దాకా చూస్తానని నోటితో చెప్పారు. మామూలుగా అంతే జరుగుతుంది. ఆ రాత్రే బ్రాంచి మెయిలుకు, ఆమె కూతురి ఫోన్ నుంచి, నాలుగు లైన్లు పంపించాం: ఈ రోజు మిమ్మల్ని కలిశాం, ఇంత కట్టాం, ఈ తేదీ వరకు చూస్తామని మీరు చెప్పారు, ధన్యవాదాలు. దానికీ జవాబు రాలేదు. కానీ కాదని కూడా ఎవరూ రాయలేదు.

అనుకున్నట్టు అన్నీ జరగలేదు. కోత మిషను దొరక్క కోత వారం ఆలస్యమైంది. దళారి ఏప్రిల్ 24న సగం డబ్బే ఇచ్చి, మిగతాది మే మొదట్లో అన్నాడు. ఎరువుల కొట్టాయన గుమ్మంలో కూర్చున్నాడు. ఆమె 25న మార్చి వాయిదా 6,523 కట్టారు, మార్చి 12 తర్వాత పడిన చార్జీలను, మ్యాండేట్ మళ్లీ తిరిగొచ్చినందుకు పడిన 295ను కూడా కలిపి. ఏప్రిల్ వాయిదాకు డబ్బు చాలలేదు. వెంటనే నా దగ్గరికి వచ్చారు. 26న రెండో లేఖ ఇచ్చాం, మూడే వాక్యాలు. మార్చి వాయిదా కట్టాను, రసీదు జత చేశాను. ధాన్యం డబ్బు సగమే అందినందున ఏప్రిల్ వాయిదా మే 5 లోపు, మే వాయిదాతో కలిపి కడతాను. కాటా చీటీ నకలు జతచేశాను. తూకం వేసినప్పుడు దళారి ఇచ్చిన కాటా చీటీలో పుట్ల లెక్క, తేదీ ఉంటాయి. అమ్మిన మాట నిజమని చూపించడానికి అంతకన్నా మంచి కాగితం లేదు.

మే 3న ఏప్రిల్ వాయిదా, చిల్లర చార్జీలతో సహా కట్టారు. మే వాయిదాకు సరిపడా డబ్బు పొదుపు ఖాతాలో వేసి ఉంచారు, 5న మ్యాండేట్ వెళ్లింది, తిరిగి రాలేదు. రెండో నోటీసు రాలేదు. ఎవరూ ఇంటికి రాలేదు.

జూన్‌లో ఆమె లోన్ స్టేట్‌మెంట్ తీయించి తెచ్చారు. మార్చి 19 నాటి 7,128లో 605 చార్జీలకు, 6,523 ఫిబ్రవరి వాయిదాకు, మేం లేఖలో రాసినట్టే పడ్డాయి. క్రెడిట్ రిపోర్టు కూడా చూశాం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలస్యమైన రోజులు అందులో కనిపిస్తున్నాయి. వాటిని తీసేయమని బ్యాంకుకు లేఖ రాయగలమా అని అడిగారు. రాయలేమని చెప్పాను, ఎందుకంటే ఆలస్యం జరిగింది. తప్పుగా నమోదైతే సరిచేయమని అడగవచ్చు, నిజంగా జరిగినదాన్ని చెరిపేయమని అడగడానికి వీల్లేదు. నెలవారీ వివరాలు 36 నెలల దాకా ఆ రిపోర్టులో కనిపిస్తాయి. ఈలోపు రెండో మర కోసం లోన్ అడగాలనుకుంటే, ముద్ర వేయించుకున్న ఆ రెండు లేఖలు, మోటారు బిల్లు, రసీదులు దరఖాస్తుతో పాటు పెట్టమని చెప్పి, అన్నీ ఒకే ఫైల్లో వరసగా పెట్టి ఇచ్చాను.